అమ్మ చెప్పమంది



మా ఊరు కృష్ణా డెల్టాలో ఓ కాలవగట్టు పల్లె. అక్కడ పుట్టి పెరిగి, ఇప్పుడు తలో దిక్కునా ఉంటున్నవాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దాని బాగోగులు చూసే పని నాది. కొత్తగా వచ్చినవాళ్లని నలుగురికీ పరిచయం చేయడం, ఎవరి ప్రశ్న అయినా జవాబు లేకుండా ఉండిపోతే సరైనవాళ్లకి గుర్తు చేయడం, అదే నా పని. ఆ పనిలో తరచుగా ఎదురయ్యే ఒక పలకరింపు గురించి ఈ పూట మాట్లాడతాను.

అది దాదాపు ఎప్పుడూ ఒకే తీరున ఉంటుంది. “నమస్తే అండీ. నేను ఫలానావారి అమ్మాయిని. అమ్మకి టైపు చేయడం రాదు. మీ అందరికీ నమస్కారం చెప్పమంది.” అంతే. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. కూతురి చోట ఒక్కోసారి కొడుకు ఉంటాడు, అమ్మ బదులు నాన్న ఉంటాడు.

ఇది చూడగానే మనవాళ్లు ఏం చేస్తారో మీకూ తెలుసు. “వెల్‌కమ్ అమ్మా” అని ఒకరు, “సంతోషం, అమ్మగారిని అడిగానని చెప్పు” అని ఇంకొకరు, బొటనవేలు బొమ్మ ఒకరు, గులాబీ పువ్వు ఇంకొకరు. అవతల సోఫాలో కూతురి పక్కనే కూర్చుని కళ్లద్దాలు సర్దుకుంటూ ఆ తల్లి అడుగుతుంది, “ఏమన్నారే?” అని. కూతురు ఫోన్ పైకీ కిందకీ జరిపి చూసి, “అందరూ వెల్‌కమ్ అంటున్నారమ్మా” అంటుంది. ఎవరెవరు అన్నారు, ఏమని అన్నారు? చెప్పడానికి అందులో ఏమీ లేదు. నలభై ఏళ్ల తరవాత ఊరివాళ్లని పలకరించిన మనిషికి చేరింది ఆ ఒక్క మాట. మళ్లీ పలకరించమని ఆవిడ కూతురిని అడగదు. నెల తిరిగేసరికి ఆ నంబరు గ్రూపులో ఉందన్న సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కాకపోతే జవాబులన్నీ టైపు చేసినవాళ్లకి వెళ్లాయి, పలకరించినవాళ్లకి వెళ్లలేదు. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంగతే. ఆ పలకరింపులో ఇద్దరున్నారు, మాట ఒకరిది, వేళ్లు ఇంకొకరివి. జవాబు మాట ఎవరిదో వాళ్లకి వెళ్లాలి, వాళ్లకి అందే రూపంలో వెళ్లాలి.

మనకి ఇది కొత్త విద్య కాదు. పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ల ఉత్తరాలు బడికి వెళ్లే పిల్లలే రాసేవారు. అవ్వ అరుగు మీద కూర్చుని చెబుతుంటే, మనవడు పలక ఒళ్లో పెట్టుకుని దాని మీద ఇన్‌లాండు కవరు పరిచి రాసేవాడు. ఆ ఉత్తరానికి వచ్చే జవాబు మాత్రం మనవడి పేరున వచ్చేది కాదు. అవ్వకి నమస్కారాలు చెప్పి, ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది, గేదె ఈనిందా అని నేరుగా ఆవిడనే అడుగుతూ సాగేది. ఆవిడకి చదువు రాదని రాసేవాళ్లకి తెలియక కాదు. చదివి వినిపించేవాళ్లు ఉంటారని తెలుసు కాబట్టి, వినేమనిషిని మనసులో పెట్టుకుని రాసేవారు. చివర్లో ఒక వాక్యం మనవడికి, “ఉత్తరం రాసిన చిరంజీవికి ఆశీస్సులు” అని. తరవాత్తరవాత గల్ఫుకి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఉత్తరం బదులు క్యాసెట్ వచ్చింది. రాయడం రాని తల్లి టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడితే, సెలవు అయిపోయి తిరిగి వెళ్లే ఊరివాడి పెట్టెలో ఆ క్యాసెట్ కువైట్‌కో దుబాయ్‌కో చేరేది. ఈ రెండు పద్ధతులూ ఇవాళ్టి ఫోన్‌లోనే ఉన్నాయి. వాడుకోవడమే మిగిలింది.

ఒక సంగతి చెబుతాను. మా ఊరి ఆడపడుచు ఒకావిడ, నాకు వరసకి అక్కయ్య, ఇప్పుడు డల్లాస్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఆవిడ తరఫున కూతురు గ్రూపులో నమస్కారం పెట్టింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. మనవాళ్లు కొందరు జవాబులు కూడా అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టారు. నేను ఆ అమ్మాయికి విడిగా ఫోన్ చేశాను. ముందు అడిగింది ఒకటే, “అమ్మకి తెలుగు చదవడం వచ్చా తల్లీ?” అని. “వచ్చు మావయ్యగారూ, వారపత్రిక చేతికిస్తే కథలన్నీ చదివేస్తుంది. ఫోన్లో కొట్టడమే రాదు” అంది.

చూడండి, ఎంత తేడా ఉందో. ఆవిడ చదవగలదు. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు ఆవిడకి కనబడనట్టే. అదే జవాబు తెలుగు అక్షరాల్లో ఉంటే ఫోన్ తనే చేతిలోకి తీసుకుని చదువుకుంటుంది, కూతురు చదివి పెట్టక్కర్లేదు. ఆ అమ్మాయి చేత వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్ అన్న చోటికి వెళ్లి అక్షరాల సైజు పెద్దది చేయించాను. గ్రూపులో నలుగురు పెద్దవాళ్లకి చెప్పాను, ఈ అక్కయ్యకి జవాబు ఇచ్చేటప్పుడు తెలుగులోనే రాయండని. తెలుగు కీబోర్డు అలవాటు లేనివాళ్లు కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే అదే అక్షరాలుగా మారుతుంది. గూగుల్ 2017లోనే ఆ సౌకర్యాన్ని తెలుగుకి ఇచ్చింది. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు తప్పు పడుతుంటాయి కాబట్టి పంపేముందు ఒకసారి చదువుకోవాలి.

కాబట్టి “టైపు చేయడం రాదు” అన్న మాట వినగానే, ఎందుకు రాదో మెల్లగా తెలుసుకోవాలి. అక్షరం రాకపోవడం ఒకటి. అక్షరం వచ్చి ఫోన్ అలవాటు లేకపోవడం ఇంకొకటి. చూపు మసకబారడం వేరు, చేతులు వణకడం వేరు. అందరికీ ఒకే రకం జవాబు పనికిరాదు. అక్షరం రానివాళ్లకీ చూపు లేనివాళ్లకీ గొంతు పంపాలి. చదవగలిగినవాళ్లకి తెలుగు అక్షరాలు పంపాలి. పార్కిన్సన్స్ జబ్బుతో చెయ్యి వణికేవాళ్లకి తరచుగా గొంతు కూడా సన్నగిల్లిపోతుంది. వాళ్లు వాయిస్ మెసేజ్ పంపితే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, చుట్టూ చప్పుడు లేనిచోట, అవసరమైతే రెండుసార్లు వినాలి. “వినబడలేదండీ, మళ్లీ పంపండి” అని గ్రూపులో పెడితే వాళ్లు ఇంకోసారి నోరు విప్పరు.

పక్షవాతం వచ్చినవాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. మెదడు ఎడమవైపు దెబ్బ తింటే కుడి చెయ్యి పడిపోవడం, మాట తడబడటం తరచుగా కలిసే వస్తాయి. అలాంటి తండ్రి తరఫున కొడుకు నమస్కారం పెట్టాడంటే, ఆ తండ్రి బహుశా కళ్లతోనో ఎడమచేత్తోనో “పెట్టు” అని సైగ చేసి ఉంటాడు. నోట మాట రాకపోయినా ఎదుటివాళ్ల మాటలు చాలామందికి ఎంతో కొంత అర్థమవుతూనే ఉంటాయి. వాళ్లకి పొడుగాటి కబుర్లు పంపకూడదు. ఒక ఫొటో, ఒక చిన్న వాక్యం, అవునూ కాదూ అని తల ఊపి చెప్పగలిగిన ఒక ప్రశ్న. “బాబాయ్, ఈ ఫొటోలో ఎడమవైపు నిలబడ్డది మీరేనా?” అంటే చాలు. “ఆ రోజుల్లో ఏం జరిగిందో చెప్పండి బాబాయ్” అని అడిగితే, చెప్పలేనితనాన్ని ఆయనకి మళ్లీ గుర్తు చేసినవాళ్లమవుతాం.

ఇక వాయిస్ మెసేజ్. చాలామందికి పనికొచ్చేది ఇదే, చాలామంది పాడుచేసేదీ ఇదే. మైకు బొమ్మ నొక్కిపట్టుకుని మాట్లాడాలని అందరికీ తెలుసు. నొక్కిపట్టి వేలు పైకి జరిపితే అది తాళం పడినట్టు నిలిచిపోతుంది, ఇక వేలు తీసేసి హాయిగా మాట్లాడుకోవచ్చు. చేతులు వణికేవాళ్లకి ఈ ఒక్క కిటుకు నేర్పితే ఎంతో మేలు. సగంలో వేలు జారి, ముక్కలైపోయిన మెసేజ్‌లు వెళ్లడం ఆగుతుంది.

ఏం మాట్లాడాలన్నది అసలు సంగతి. ముందు వాళ్లని వరస పెట్టి పిలవాలి. వెంటనే మనం ఎవరమో చెప్పాలి, అదీ వాళ్లకి తెలిసిన గుర్తుతో. “నేను శ్రీనివాస్‌ని” అంటే మా ఊళ్లో డజను మంది శ్రీనివాస్‌లు. “అక్కయ్యా, నేను లాకుల దగ్గర పెంకుటింటి వాళ్ల రెండోవాణ్ణి, మీ తమ్ముడితో కలిసి ఐదో తరగతి చదివాను” అంటే ఆవిడ కళ్లముందు మనిషి నిలబడతాడు. తరవాత ఒక్క కబురు. తరవాత ఒక్క ప్రశ్న. అక్కడితో ఆపాలి. అర నిమిషం చాలు, నిమిషం దాటితే ముందు ప్రశ్న మరిచిపోతారు. మూడు ప్రశ్నలు అడిగితే చివరిదానికే జవాబు వస్తుంది.

అరవక్కర్లేదు. వయసు మీద పడ్డకొద్దీ చెవికి ముందు అందకుండా పోయేవి సన్నటి, కీచు ధ్వనులు. “స”, “ష”, “త” లాంటి హల్లులు సరిగ్గా వినబడవు, అందుకే “ఏదో అంటున్నారు గానీ ఏమంటున్నారో తెలియడం లేదు” అంటారు. గొంతు పెంచితే ఆ హల్లులు తేటపడవు. నెమ్మదిగా, విడివిడిగా పలకాలి. వెనక టీవీ ఆపాలి. ఇంకొకటి, వాయిస్ మెసేజ్ మోగుతుండగా ఫోన్ చెవికి ఆనించుకుంటే శబ్దం స్పీకరు మానేసి చెవి దగ్గర రంధ్రంలోంచి సన్నగా వస్తుంది. పెద్దవాళ్లు అలవాటుగా చెవి దగ్గర పెట్టుకుంటారు, వినబడలేదంటారు. ఫోన్ బల్ల మీద పెట్టి వినిపించమని పిల్లలకి చెప్పాలి.

నీలం టిక్కులని నమ్మకండి. మన మెసేజ్ పక్కన రెండు నీలం గీతలు పడితే కూతురి ఫోన్లో ఆ చాట్ తెరుచుకుందని అర్థం. అమ్మకి చేరిందని కాదు. వాయిస్ మెసేజ్ పక్కన మైకు బొమ్మ నీలంగా మారినా అంతే, ఆఫీసు మెట్ల మీద కూతురు ఒక్కతే విని ఉండవచ్చు. అమ్మ విన్నదని తెలియడానికి ఒక్కటే దారి, మనం అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి ఆవిడే చెప్పగలిగిన జవాబు తిరిగి రావడం. డల్లాస్ అక్కయ్యని నేను అడిగింది, “లాకుల దగ్గర మామిడిచెట్టు ఎక్కి పడిపోయింది నువ్వా, మీ చెల్లెలా?” అని. రెండు రోజులకి జవాబు వచ్చింది, ఈసారి ఆవిడ గొంతుతోనే. పడింది తనూ కాదు చెల్లెలూ కాదు, మా అన్నయ్యట, చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కోసం బండెక్కించారట. కూతురికి ఈ సంగతి తెలిసే వీలే లేదు.

వేళ కూడా చూసుకోవాలి. ఎండాకాలంలో మనకి ఉదయం ఏడు గంటలైతే డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. కూతురు ఆఫీసు నుంచి వచ్చి, భోజనాలయ్యాక అమ్మ పక్కన కూర్చునే వేళ అది. మనం రాత్రి తొమ్మిదింటికి తీరికగా పంపితే, అక్కడ అది పొద్దున ఆఫీసు పని మధ్యలో చేరుతుంది. కూతురు చూస్తుంది, సాయంత్రం వినిపిద్దాంలే అనుకుంటుంది, సాయంత్రానికి దాని మీద ఇంకో యాభై మెసేజ్‌లు పడి ఉంటాయి. అందుకే అక్కయ్యకి చెప్పేది ఏదైనా నేను పొద్దున కాఫీ అయ్యాకే పంపుతాను.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన సంగతికి వస్తాను. పెద్దవాళ్ల నమస్కారం వెనకాల తరచుగా ఒక ప్రశ్న ఉంటుంది. అక్కయ్య ఇంకో మెసేజ్‌లో కూతురి చేత రాయించింది, తన ఈడు స్నేహితురాలు, పక్కింటావిడ ఎలా ఉందని. ఆ పక్కింటావిడ అంతకు ముందు వేసవిలోనే పోయింది. రాసిన కూతురికి ఆ సంగతి తెలియదు. అడిగిన తల్లికీ తెలియదు. గ్రూపులో ఉన్న అందరికీ తెలుసు.

అలాంటప్పుడు గ్రూపులో ఎవరో ఒకరు “ఆవిడ పోయారు కదండీ” అని రాసేస్తారు, కింద వరసగా ఓం శాంతి మొదలవుతుంది. కూతురు గబగబా పైకి చదువుతూ వెళ్తుంటే సగం వాక్యం నోట్లోంచి వచ్చేశాక ఆగిపోతుంది, పక్కన తల్లి. కాబట్టి చావు కబురు గ్రూపులో టైపు చేయకూడదు. నేను ముందు గ్రూపులో ఒక్క మాట పెట్టాను, “అక్కయ్యా, ఆ ఇంటి సంగతి వాళ్లబ్బాయే నీతో మాట్లాడతాడు” అని. అందులో అబద్ధం లేదు, కబురూ లేదు. మిగతావాళ్లకి విడివిడిగా చెప్పి ఆపాను. తరవాత ఆ అమ్మాయికి ఫోన్ చేసి, పక్కన అమ్మ లేనప్పుడు విషయం చెప్పాను. తల్లికి బీపీ ఉందనీ, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటుందనీ, శనివారమైతే తను పక్కన ఉంటాననీ ఆ అమ్మాయి చెప్పింది. శనివారం పోయినావిడ కొడుకే ఫోన్ చేశాడు. కన్నతల్లి ఆఖరి రోజుల గురించి ఆయన తప్ప ఇంకెవరూ చెప్పలేని నాలుగు మాటలు చెప్పాడు. అక్కయ్య ఏడ్చింది, ఆయన్నీ ఓదార్చింది. ఆ కబురు అలా చేరాలి. టైపు చేసే పిల్లల చేతిలో చావు కబురు పెట్టి, వాళ్లనే చెప్పుకోమని వదిలేయడం పెద్దవాళ్లు చేసే పని కాదు.

ఇదే జాగ్రత్త మరికొన్నిటికీ ఉంది. పొలం తగాదాలు, పాత అప్పులు, అన్నదమ్ముల మధ్య మాటలు లేని సంగతులు, ఆడవాళ్ల ఒంటి బాధలు, ఇవేవీ మధ్యలో పిల్లలు చదివిపెట్టే దారిలో వెళ్లకూడదు. అమ్మ తన అన్నతో ఎందుకు మాట్లాడటం లేదో కూతురికి తెలిసి ఉండకపోవచ్చు. తెలియాలో లేదో నిర్ణయించాల్సింది ఆ తల్లి. అలాంటి కబురు ఉంటే, “అమ్మతో పది నిమిషాలు మాట్లాడాలి తల్లీ, ఫోన్ చేతికిచ్చి నువ్వు పని చూసుకో” అని అడగాలి. పిల్లలు అర్థం చేసుకుంటారు.

ఒక్కోసారి పలకరింపు నిజంగా పెద్దవాళ్లదేనా అన్న అనుమానం కూడా వస్తుంది. దాంట్లో రెండు రకాలున్నాయి. మొదటిది మంచిదే. అమ్మ దిగులుగా ఉంది, ఊరివాళ్లతో కలిపితే బాగుంటుందని కూతురే అనుకుని, అమ్మకి చెప్పకుండా నమస్కారం పెడుతుంది. దీన్ని పోల్చుకోవడం కష్టం కాదు. పిల్లలు సొంతంగా రాసింది నున్నగా ఉంటుంది, “అమ్మ అందరినీ అడిగానని చెప్పమంది” అని. పెద్దవాళ్లు నిజంగా చెప్పి రాయించినదాంట్లో ఎక్కడో ఒక మనిషి పేరో చెట్టో గేదో ఉంటుంది, “శేషయ్య బావ ఇంకా చుట్ట తాగుతున్నాడా” లాంటిది. అలాంటిది లేనప్పుడు పిల్లల్ని తప్పుపట్టక్కర్లేదు. “అమ్మ గొంతు వినాలని ఉంది, రెండు మాటలు చెప్పించి పంపు తల్లీ” అంటే సరిపోతుంది. ఇష్టం ఉంటే అమ్మ మాట్లాడుతుంది. ఆవిడకి ఇష్టం లేకపోతే ఆ సంగతీ తెలిసిపోతుంది, అప్పుడు వదిలేయాలి. ఊరిని మళ్లీ పలకరించాలని అందరికీ ఉండదు, దానికి వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి.

రెండోది మోసం. తెలియని నంబరు నుంచి “నేను మీ స్నేహితుడి అబ్బాయిని, నాన్నగారు మాట్లాడలేని స్థితిలో ఉన్నారు, మీకు నమస్కారం చెప్పమన్నారు” అని వస్తుంది. మనం కరిగి పలకరిస్తాం. రెండో మెసేజ్‌లో ఆసుపత్రి, మూడో మెసేజ్‌లో డబ్బు. గ్రూపులో ఉన్న పేర్లూ ఫొటోలూ చూసి ఇలాంటి కథ అల్లడం ఎవరికైనా సాధ్యమే. డబ్బు మాట వచ్చిన క్షణంలో టైపు చేయడం ఆపండి. మన దగ్గరున్న పాత నంబరుకి, లేదా ఆ ఇంటివాళ్లలో మనకి తెలిసిన ఇంకొకరికి ఫోన్ చేయండి. వాళ్లిచ్చిన కొత్త నంబరుకి చేస్తే అదే మోసగాడు ఎత్తుతాడు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, సైబర్ నేరాల ఫిర్యాదులకి దేశమంతా ఒకటే నంబరు.

చివరగా, ఆ టైపు చేసే పిల్లల గురించి. వాళ్లకీ ఒక మాట బాకీ ఉంటాం. పాత ఉత్తరాల్లోలాగా ముందు అమ్మకి, చివర్లో వాళ్లకి. “రాసిపెట్టినందుకు సంతోషం తల్లీ, నువ్వేం చేస్తున్నావు?” అని ఒక్క వాక్యం. అంతకుమించి వాళ్ల మీద బరువు వేయకూడదు. ఆ నంబరు వాళ్లది, ఆఫీసు పనులకి వాడుకునేది. అమ్మ గ్రూపులో చేరింది కదా అని ఆ నంబరుకి రోజూ శుభోదయం బొమ్మలు, పెళ్లి సంబంధాలు, ఎన్నికల వీడియోలు పంపితే పదిహేను రోజుల్లో ఆ అమ్మాయి గ్రూపుని మ్యూట్ చేస్తుంది. దాంతో అమ్మ దారి కూడా మూసుకుపోతుంది. అమ్మ తరఫున వచ్చిన నంబరుని ఆ అమ్మాయిని అడగకుండా ఇంకొకరికి ఇవ్వకండి. వీలైతే పాత ఫోన్ ఒకటి అమ్మకి విడిగా ఇమ్మనండి. అందులో గ్రూపు చాట్‌ని పైన పిన్ చేసి పెడితే, వాట్సాప్ తెరవగానే అదే ముందు కనబడుతుంది. మైకు నొక్కడం నేర్పడానికి ఒక ఆదివారం చాలు. డల్లాస్ అక్కయ్య ఇప్పుడు కూతురి సాయం లేకుండానే మాట్లాడుతోంది. ఊళ్లో శ్రీరామనవమికి పందిరి వేస్తుంటే, తాటాకు వేస్తున్నారా రేకులా అని ముందు అడిగేది ఆవిడే.

వింటున్నవాళ్లలో చాలామంది ఫోన్లలో ఇలాంటి నమస్కారం ఒకటి పైకెక్కడికో జరిగిపోయి ఉంటుంది. వెనక్కి వెళ్లి వెతకండి. దానికింద మీరు పెట్టింది బొటనవేలు బొమ్మ ఒక్కటే అయితే, ఇప్పుడైనా ఆ పెద్దవాళ్లని వరస పెట్టి పిలిచి, మీరు ఎవరింటివాళ్లో చెప్పి, ఒక్క ప్రశ్న అడగండి. ఆలస్యమైందని మొహమాటపడకండి. జవాబు వాళ్ల గొంతులో వచ్చేదాకా ఆగండి. రాకపోతే ఫోన్ చేయండి.